తేదీ జరిపితే ఆలస్యం మాయమవుతుందా?

కేంద్ర గణాంక, కార్యక్రమాల అమలు మంత్రిత్వ శాఖ 150 కోట్ల రూపాయలు, ఆపైన ఖర్చయ్యే కేంద్ర ప్రాజెక్టుల మీద ఏళ్ల తరబడి నివేదికలు ఇస్తూ వచ్చింది. వాటిలో రెండు అంకెలు పక్కపక్కనే కనిపించేవి. మొదట ఒప్పుకున్న తేదీతో పోలిస్తే ఆలస్యమైన ప్రాజెక్టులు ఇన్ని అనేది ఒకటి. తాజాగా సవరించిన తేదీతో పోలిస్తే ఆలస్యమైనవి ఇన్ని అనేది రెండోది. రెండో అంకె మొదటిదానికంటే తక్కువగా ఉండేది. ఈ రెండు అంకెల మధ్య ఎక్కడా ఒక్క ఇటుక కూడా అదనంగా పడలేదు. మారింది తేదీ ఒక్కటే.

అలాగని రెండో అంకె అబద్ధం కాదు. ఇచ్చిన మాట నిలబడిందా అనే ప్రశ్నకు మొదటి అంకె జవాబు. ఇక ముందు పని ఏ తేదీ ప్రకారం నడుస్తోంది అనే ప్రశ్నకు రెండోది జవాబు. రెండోదాన్ని మొదటిదాని స్థానంలో చూపించినప్పుడే చిక్కు వస్తుంది. ప్రాజెక్టులు నడిపేవాళ్ల భాషలో ఆ మొదటి తేదీల పట్టికే బేస్‌లైన్. దాన్ని పక్కనపెట్టి కొత్తది పెట్టుకోవడం రీబేస్‌లైనింగ్. అది ఎప్పుడు న్యాయం, ఎప్పుడు కప్పిపుచ్చుకోవడం అన్నది ఫ్లాట్ కొనుక్కుని బిల్డర్ చెప్పే తేదీల కోసం ఎదురుచూసే ప్రతి కుటుంబానికీ అవసరమైన సంగతే. అందుకని ఒక అపార్ట్‌మెంట్‌నే ఉదాహరణగా తీసుకుందాం. ఇందులోని వారాలు, రూపాయలు లెక్క చూపడానికి వేసుకున్నవి. పని తీరు మాత్రం ఏ సైటులోనైనా కనిపించేదే.

ప్లాన్ ఎప్పుడు బేస్‌లైన్ అవుతుంది

కింద పార్కింగ్‌కు స్టిల్ట్, పైన అయిదంతస్తులు. పునాది నుంచి ప్లింత్ బీముల దాకా 10 వారాలు. తర్వాత ఆరు స్లాబులు, ఒక్కోదానికి మూడు వారాల చొప్పున 18 వారాలు. అంటే నాలుగో స్లాబు 22వ వారానికి, ఆఖరి స్లాబు 28వ వారానికి పడాలి. గోడల పని 22వ వారం ముగియగానే మొదటి అంతస్తులో మొదలై, అంతస్తుకు మూడు వారాల చొప్పున 37వ వారానికి పైకి చేరాలి. ఆ వెనకే ప్లాస్టరింగ్, పైపులు, టైల్స్, లిఫ్టు, రంగులు, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్. తాళాలు చేతికిచ్చేది 72వ వారం.

ఇలా కాగితం మీద రాసినంత మాత్రాన అది బేస్‌లైన్ కాదు. స్లాబుకు మూడు వారాలు చాలన్నది ఎవరన్నారు? సెంట్రింగ్ మేస్త్రి అన్నాడా, ఆఫీసులో కూర్చున్న ఇంజనీరు వేసుకున్నాడా? మేస్త్రిని అడిగితే అసలు విషయం బయటపడుతుంది. కాంక్రీటు పోశాక కింద నిలబెట్టిన జాకీలను వెంటనే తీయకూడదు. ఐఎస్ 456 ప్రమాణం ప్రకారం నాలుగున్నర మీటర్లు దాటిన స్లాబుకైనా, ఆరు మీటర్ల లోపు బీముకైనా 14 రోజులు ఉంచాలి. సెంట్రింగ్ సామాను ఒక్క సెట్టే ఉంటే, ఆ రెండు వారాలూ అది కింది స్లాబు దగ్గరే ఇరుక్కుపోతుంది. ఊడదీసి పైకి చేర్చి, మళ్లీ పరిచి, కడ్డీలు కట్టి, కరెంటు పైపులు వేసి, కాంక్రీటు పోయడానికి ఇంకో రెండు వారాలు పడుతుంది. మొత్తం నాలుగు. మూడు వారాల్లో స్లాబు పడాలంటే రెండు సెట్లు కావాలి. కాబట్టి 'మూడు వారాలు' అనే అంకె పక్కన 'రెండు సెట్ల సామాను' అనే షరతు కూడా రాసి ఉండాలి. ఆ షరతు లేని అంకెకు తర్వాత జవాబుదారీ ఎవరూ ఉండరు.

క్యాలెండర్ కూడా అంతే. సంక్రాంతికి కూలీలు ఊళ్లకు వెళతారని, వానాకాలంలో కొన్ని రోజులు కాంక్రీటు పోయలేమని అందరికీ తెలుసు. తెలిసిన వానను ముందే లెక్కలో వేసుకోకుండా, జులైలో వానలు పడ్డాయి కాబట్టి ఆలస్యమైందనడం కుదరదు.

ఈ ప్లాన్‌లో చూడాల్సింది ఇంకొకటి ఉంది. రెండో స్లాబు 16వ వారానికి పడుతుంది. జాకీలు తీసి, చోటు శుభ్రం చేసుకోవడానికి మూడు వారాలనుకున్నా, మొదటి అంతస్తులో గోడలు 19వ వారం ముగియగానే మొదలుపెట్టవచ్చు. కానీ 22 దాకా ఆగారు. గోడల మేస్త్రి ఒకసారి దిగాక మధ్యలో ఖాళీగా కూర్చోకుండా పైదాకా వెళ్లిపోవాలని కావాలనే వదిలిన ఖాళీ అది. స్లాబులు మూడు వారాలు వెనకబడినా గోడలు ఆగవు, తాళాల తేదీ కదలదు. ఈ వెసులుబాటునే ఫ్లోట్ అంటారు.

సామాను, క్యాలెండర్, ఖాళీలు అన్నీ చూసుకుని, పని చేసేవాళ్లూ డబ్బు పెట్టేవాళ్లూ ఒప్పుకుని సంతకాలు చేసిన రోజున ఆ పట్టికను ఒక నకలు తీసి పక్కన పెడతారు. ఆ నకలే బేస్‌లైన్. రోజూ దిద్దుకునే పట్టిక వేరు. మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్‌లో దీనికి Set Baseline అనే ఆదేశం ఉంది. Baseline, ఆపైన Baseline 1 నుంచి Baseline 10 దాకా పదకొండు నకళ్లు దాచుకోవచ్చు. ఇన్ని గదులున్నా, కొత్త నకలును పాతదాని మీదే రుద్దేయడం మామూలుగా జరిగే పొరపాటు. అలా రుద్దిన రోజు నుంచి మొదటి తేదీలు ఆ ఫైలులో ఎవరికీ కనిపించవు.

తేడా ఎక్కడ కొలవాలి

ఇప్పుడు 26వ వారం ముగిసింది. పునాది సరిగ్గా పదో వారానికే అయింది. స్లాబులు మాత్రం 14, 18, 22, 26వ వారాల్లో పడ్డాయి. నాలుగో స్లాబు 22కు పడాల్సింది, నాలుగు వారాలు ఆలస్యం. గోడల పని చూస్తే మొదటి అంతస్తు 25వ వారానికి అనుకున్నట్టే పూర్తయింది. రెండో అంతస్తు నడుస్తోంది. సైటు ఇంజనీరు నివేదికలో 'స్లాబుల్లో కాస్త వెనకబాటు, గోడలు సమయానికే' అని రాస్తాడు. రాసింది నిజమే. కానీ ఆ రాతలో రాబోయే కష్టం కనిపించదు.

కనిపించాలంటే రెండు పనులు చేయాలి. మొదటిది, ఒక్క ఆలస్యాన్ని కాకుండా ఆలస్యాల వరుసను చూడాలి. స్లాబులు ఒకటి, రెండు, మూడు, నాలుగు వారాలు వెనకబడుతూ వచ్చాయి. ఇది ఎప్పుడో ఒకసారి జరిగిన అవాంతరం కాదు. స్లాబుకో వారం పోతోంది. విచారిస్తే సంగతి తేలింది. కాంట్రాక్టరు రెండు సెట్లు తెస్తానని ఒక్కటే తెచ్చాడు. రెండోది, ఈ ఆలస్యం ముందుకెళ్లి ఎవరికి తగులుతుందో చూడాలి. ఇదే తీరున పోతే ఆరో స్లాబు 34వ వారానికి పడుతుంది, అంటే ఆరు వారాలు ఆలస్యం. జాకీలకు మూడు వారాలు కలిపితే అయిదో అంతస్తులో గోడలు 37 ముగిశాక మొదలవుతాయి. మొదలు కావాల్సింది 34 ముగియగానే. ఆరు వారాల్లో మూడింటిని ఫ్లోట్ మింగేసింది, మిగిలిన మూడు తాళాల మీద పడ్డాయి. అంచనా తేదీ 72 కాదు, 75.

అంటే ఒకే రోజున ఒకే భవనంలో మూడు జవాబులు వచ్చాయి. స్లాబుల్లో నాలుగు వారాల తేడా, గోడల్లో సున్నా, తాళాల్లో మూడు. కొనుగోలుదారుకు కావాల్సింది మూడోది. సైటులో ఉన్నవాడు సరిచేయాల్సింది మొదటిది. రెండో జవాబు చూసి నిశ్చింతగా ఉండిపోతే, తర్వాతి అంతస్తుకు వచ్చేసరికి గోడల మేస్త్రి పైన పని లేక వేరే సైటుకు వెళ్లిపోతాడు. మళ్లీ తిరిగి రావడానికి అతనికెన్ని వారాలు పడుతుందో ఏ పట్టికలోనూ ఉండదు.

రూపాయల్లో కొలిస్తే

పెద్ద సంస్థలు తేడాను వారాల్లోనే కాక రూపాయల్లోనూ కొలుస్తాయి. ఇవాళ్టికి ఎన్ని రూపాయల పని కావాలని ప్లాన్ వేశారో, ఎన్ని రూపాయల పని అయిందో చూసి, రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తారు. మన భవనంలో పునాది 90 లక్షలు, ఒక్కో స్లాబు 30, ఒక్కో అంతస్తు గోడలు 12 లక్షలు అనుకుందాం. 26వ వారానికి ప్లాన్ ప్రకారం 266 లక్షల పని కావాలి. అయింది 226 లక్షలది. అంటే 85 శాతం.

ఇదే వారం లిఫ్టు సామాను 30 లక్షలది ముందుగానే సైటుకు వచ్చి పడిందనుకుందాం. దాన్ని కూడా అయిన పనిలో కలిపితే మొత్తం 256 లక్షలు. శాతం ఒక్కసారిగా 96కు ఎగబాకుతుంది. స్లాబు మాత్రం ఉన్నచోటే ఉంది. నివేదికలో శాతం బాగుండి, సైటులో స్లాబు లేవకపోతే, ఇలాంటి సామాను బిల్లేదో లెక్కలోకి దూరిందేమో చూడాలి.

ఈ లెక్కకు ఇంకో లోపం ఉంది. భవనం ఎంత ఆలస్యంగా పూర్తయినా, పూర్తయిన రోజున ప్లాన్‌లోని రూపాయలన్నీ అయిపోయినట్టే. అందుకని ఏడాది ఆలస్యమైన ప్రాజెక్టు కూడా ఆఖరి నివేదికలో నూటికి నూరు చూపిస్తుంది. వాల్ట్ లిప్కీ అనే అమెరికన్ 2003లో దీనికి తేలికైన మందు చెప్పాడు. శాతాలు మానేసి, ఇవాళ అయినంత పని ప్లాన్ ప్రకారం ఏ వారానికి కావాల్సిందో అడగమన్నాడు. లిఫ్టు సామాను పక్కనపెడితే మన 226 లక్షల పని ప్లాన్‌లో 23వ వారం దాటగానే పూర్తి కావాలి. ఇప్పుడు 26. కాబట్టి మూడు వారాలు వెనక ఉన్నాం. ఈ జవాబు ఎవరికైనా అర్థమవుతుంది, చివరి రోజున నూరు శాతమై మాయమైపోదు.

తేదీ మార్చాల్సిన సందర్భం, మార్చకూడని సందర్భం

ఇలాంటి సమీక్షా సమావేశంలోనే ఎవరో ఒకరు 'ఎలాగూ 75కే అవుతుంది కదా, బేస్‌లైన్ 75 పెట్టేద్దాం' అంటారు. ఈ స్థితిలో అది న్యాయం కాదు. కట్టాల్సిన భవనం మారలేదు, బయటి నుంచి ఏ అడ్డంకీ రాలేదు. ఒప్పుకున్న సామాను రాలేదు, అంతే. ఇలాంటప్పుడు మార్చాల్సింది అంచనా తేదీని, బేస్‌లైన్‌ను కాదు. 72 అలాగే ఉంటుంది, దాని పక్కన 75 అని రాస్తారు. ఆ రెండింటి మధ్య కనిపించే మూడు వారాలే రెండో సెట్టు తెప్పించమని కాంట్రాక్టరును నిలదీసే ఆధారం. వెంటనే తెప్పిస్తే మిగిలిన రెండు స్లాబులు 29, 32వ వారాల్లో పడతాయి, ఆఖరి స్లాబు ఆలస్యం ఆరు నుంచి నాలుగుకు తగ్గుతుంది. ఫ్లోట్ పోను ఒక్క వారమే మిగులుతుంది. తాళాలు 73కు. బేస్‌లైన్‌ను 75కు జరిపి ఉంటే రెండో సెట్టు అవసరమే ఎవరికీ తోచదు, పట్టికలో అంతా సవ్యంగానే ఉంటుంది కాబట్టి.

ఇక తుపాను వచ్చి రెండు వారాలు పని ఆగిందనుకుందాం. లెక్కలో వేసుకున్న మామూలు వాన కాదిది. అయినా ముందు చూడాల్సింది అది ఏ పనిని ఆపిందన్నది. లోపల టైల్స్ వేసే రోజుల్లో వస్తే ఆగేది పెద్దగా ఉండదు. స్లాబుల సమయంలో వచ్చినా, ఫ్లోట్ మూడు వారాలూ మిగిలే ఉంటే తాళాల తేదీ కదలదు. కదలని తేదీని జరపడానికి తుపాను కారణం కాదు. ఫ్లోట్ అయిపోయాక వస్తే, అప్పుడు ఆ రెండు వారాల మేరకు గడువు పొడిగించడం సబబు. అదీ ఆ రెండు వారాల వరకే. తుపాను పేరు చెప్పి సామాను ఆలస్యాన్ని కూడా అందులో చుట్టేయకూడదు.

నిజంగా కొత్త బేస్‌లైన్ కావాల్సింది పనే మారినప్పుడు. 26వ వారంలో బిల్డర్‌కు ఆరో అంతస్తుకు కూడా అనుమతి వచ్చింది, పునాదులు ఆ బరువుకు ముందే డిజైన్ చేసి ఉన్నాయి, కొనుగోలుదారులూ ఒప్పుకున్నారు అనుకుందాం. ఇప్పుడు పాత పట్టికలో ఒక స్లాబు, ఒక అంతస్తు గోడలు లేనే లేవు. లేని పనిని దేనితో పోల్చి కొలుస్తాం? కొత్త బేస్‌లైన్ తప్పదు.

దాన్ని ఎంతకు పెట్టాలన్న దగ్గరే నిజాయితీ బయటపడుతుంది. మొదటి ప్లాన్‌లోని వేగంతోనే, అంటే స్లాబుకు మూడు వారాలు, గోడలకు మూడు వారాల చొప్పున కొత్త అంతస్తును పాత పట్టికకే కలిపితే గోడలు 40వ వారానికి, తాళాలు 75కు వస్తాయి. ఇదే న్యాయమైన కొత్త తేదీ. ఒక్క సెట్టుతోనే నడిపితే ఏడో స్లాబు 38కి పడుతుంది. ఆరో అంతస్తు గోడలు 37 ముగియగానే మొదలు కావాల్సింది, 41 ముగిశాక మొదలవుతాయి. అంచనా 79. అంటే నాలుగు వారాల వెనకబాటు కొత్త పట్టికలోనూ కనిపించాలి. బిల్డర్ నేరుగా 79నే కొత్త బేస్‌లైన్‌గా పెడితే, మూడు వారాల కొత్త పనితో పాటు నాలుగు వారాల పాత అలసత్వం కూడా మాఫీ అయిపోతుంది. పైకి రెండూ 'అదనపు అంతస్తు వల్ల' అన్నట్టే కనిపిస్తాయి. దీన్ని పట్టుకోవడానికి ఒకే ప్రశ్న చాలు: కొత్త పనికి ఎన్ని వారాలు, దానికి మించి తేదీ ఎంత జరిగింది?

ఇంకో సందర్భం ఉంది. ఆలస్యం ఎంత పేరుకుపోయిందంటే పట్టికలో ప్రతి వరుసా ఎర్రగానే ఉంటుంది. ఏది ఇవాళ తొందర చేయాలో, ఏది రేపటికి వదలొచ్చో దాన్ని చూసి చెప్పలేని స్థితి. సైటులో పనివాళ్లు ఆ పట్టికను చూడటమే మానేస్తారు. అప్పుడు పని నడపడానికి కొత్త పట్టిక వేసుకోక తప్పదు, తప్పు కారణం ఎవరిదైనా సరే. కానీ అది సైటు నడపడానికే. అడిగినవాళ్లకు చెప్పాల్సిన ఆలస్యం మాత్రం మొదటి బేస్‌లైన్ నుంచే లెక్కించాలి. కారణం రాతపూర్వకంగా ఉండాలి. కొత్త తేదీకి సంతకం పెట్టేది ఆ పని చేసేవాడు కాక, డబ్బు పెట్టేవాడై ఉండాలి. ఇలాంటి మార్పు ఆరు నెలలకోసారి జరుగుతోందంటే అది కొత్త ప్లాన్ కాదు, పాత అలవాటు.

రెరా ఈ సంగతి ఎలా చూస్తుంది

ఈ తేడాను మన చట్టమూ గుర్తించింది. 2016 నాటి రియల్ ఎస్టేట్ చట్టం ప్రకారం బిల్డర్ ప్రాజెక్టు ఎప్పటికి పూర్తవుతుందో రెరాకు ప్రకటించాలి. సెక్షన్ 6 ప్రకారం యుద్ధం, వరద, కరువు, అగ్నిప్రమాదం, తుపాను, భూకంపం లాంటి విపత్తులు అడ్డుపడితే ఆ గడువు పొడిగించవచ్చు. ఇవి కాకుండా బిల్డర్ తప్పు లేని ఇతర సహేతుక కారణాలకు రెరా అన్నీ కలిపి ఏడాదికి మించకుండా పొడిగింపు ఇవ్వవచ్చు. డబ్బు అందలేదనో, కాంట్రాక్టరు సామాను తేలేదనో ఉన్న కారణాలు ఆ విపత్తుల జాబితాలో లేవు.

కొవిడ్ లాక్‌డౌన్ అప్పుడు జరిగింది ఒక మంచి ఉదాహరణ. 2020 మేలో కేంద్రం, ఆ ఏడాది మార్చి 25న గానీ ఆ తర్వాత గానీ గడువు ముగిసే ప్రాజెక్టులకు ఆరు నెలలు పొడిగింపు ఇవ్వమని రెరాలకు సూచించింది. కారణం బయటిది, అందరికీ ఒకటే, ఎంత పొడిగించారో స్పష్టంగా ఉంది, ఎవరి పాత ఆలస్యాన్నీ దానితో తుడిచేయమనలేదు.

అయితే రెరాకు చెప్పిన తేదీ జరిగినంత మాత్రాన కొనుగోలుదారుకు ఇచ్చిన మాట జరగదు. రెరాలో నమోదుకు ముందే విక్రయ ఒప్పందం చేసుకున్న ప్రాజెక్టుల విషయంలో, స్వాధీనంలో ఆలస్యాన్ని ఆ ఒప్పందంలో రాసిన తేదీ నుంచే లెక్కించాలని బొంబాయి హైకోర్టు 2017లో నీల్‌కమల్ రియల్టర్స్ కేసులో చెప్పింది. రెరాకు కొత్త తేదీ ప్రకటించడం ఒప్పందాన్ని తిరగరాయడం కాదన్నది ఆ తీర్పు సారాంశం. సెక్షన్ 18 ప్రకారం తేదీ దాటితే కొనుగోలుదారు డబ్బు వడ్డీతో వెనక్కి తీసుకోవచ్చు. లేదా ఫ్లాట్ కావాలనుకుంటే స్వాధీనం చేసేదాకా నెలనెలా వడ్డీ అడగవచ్చు.

కాబట్టి బిల్డర్ దగ్గరికి వెళ్లినప్పుడు 'ఎప్పుడు ఇస్తారు' అని ఒక్కటే అడిగితే చాలదు. ఒప్పందంలో రాసిన తేదీ ఏది, రెరాకు ప్రకటించిన తేదీ ఏది, ఇవాళ్టి అంచనా ఏది అని మూడూ అడిగి పక్కపక్కన రాసుకోవాలి. మూడూ ఒకటే అయితే సంతోషం. వేరువేరుగా ఉంటే, ఒక్కో జరుగుడుకు కారణం ఏమిటి, అందులో కొత్త పని ఎంత, బయటి అడ్డంకి ఎంత అని అడగాలి. ఆ రెండింటికీ అందని వారాలు ఏమైనా మిగిలితే అవి బిల్డర్ ఖాతావి. తేదీ ఎన్నిసార్లు మార్చినా ఆ ఖాతాలోనే ఉంటాయి.